స్టెమ్మింగా, లెమ్మటైజేషనా? చెరకు వెతికితే చెరకే దొరకాలంటే

కొన్నాళ్ళ కిందట వ్యవసాయ సలహాల సంకలనం ఒకదానికి సెర్చ్ పెట్టే పని నా మీద పడింది. రైతులు అడిగిన ప్రశ్నలు, వాటికి నిపుణులు చెప్పిన జవాబులు, కొన్ని కరపత్రాలు, ఎక్కువ భాగం తెలుగులో, కొంత ఇంగ్లీషులో. పెట్టెలో "చెరకు" అని కొడితే చెరకు గురించి రాసినవన్నీ రావాలి. మొదటి రోజు వచ్చింది మాత్రం సరిగ్గా "చెరకు" అనే మాట విడిగా ఉన్నవే. "చెరకులో", "చెరకుకు", "చెరకును" అని ఉన్నవాటి జాడ లేదు. ఇంగ్లీషులో ఒక నామవాచకానికి రెండు మూడు రూపాలుంటాయి. తెలుగులో విభక్తులు, బహువచనం, చివర తగిలించే "ఏ", "ఓ", "నే" లాంటివి కలిపితే ఒక్క మాటకే డజన్ల కొద్దీ రూపాలు తేలతాయి. వాటన్నిటినీ ఒకే తాళంచెవికి కట్టాలి. ఆ తాళంచెవిని తయారుచేయడానికి రెండు దారులున్నాయి.

స్టెమ్మింగ్ అంటే మాట తోక కోసేయడం. ఒక ప్రత్యయాల జాబితా పెట్టుకుని, మాట చివర వాటిలో ఏది కనిపిస్తే దాన్ని తీసేస్తాం. మిగిలింది నిఘంటువులో ఉండే మాటే కానక్కర్లేదు. లెమ్మటైజేషన్ అంటే మాటను దాని నిఘంటు రూపానికి తీసుకెళ్ళడం. "ఇంట్లో" చూసి "ఇల్లు" అనడం, "వచ్చాడు" చూసి "వచ్చు" అనడం. దీనికి నిఘంటువు కావాలి, లేదా భాషను నేర్చిన మోడల్ కావాలి. చాలాసార్లు చుట్టూ ఉన్న వాక్యం కూడా కావాలి.

ఈ రెండిటినీ పోల్చేటప్పుడు "ఏది ఎక్కువ సరైనది" అని అడగడం పరిపాటి. అలా అడిగితే ప్రతిసారీ లెమ్మటైజేషనే గెలుస్తుంది. సెర్చ్‌కు ఆ ప్రశ్న పనికిరాదు. ఇక్కడ అడగాల్సింది: పత్రంలోని మాటకూ, వెతికే మనిషి కొట్టిన మాటకూ ఒకే కీ వస్తుందా లేదా? కీ అందంగా ఉందా, వికారంగా ఉందా అన్నది ఎవరికీ కనిపించదు. రెండు వైపులా ఒకటే వస్తే పత్రం దొరుకుతుంది, రాకపోతే దొరకదు. రీకాల్ అంటే అదే కదా, దొరకాల్సినవాటిలో ఎన్ని దొరికాయన్న లెక్క.

కోత కత్తితో మొదటి ప్రయత్నం

నేను ముందు రాసుకున్న కోత ఇంచుమించు ఇలా ఉండేది:

```python
ENDINGS = ["ాలకు", "ానికి", "ాన్ని", "ాలను", "ంలో", "ాలు",
           "లకు", "లను", "లలో", "లు", "కు", "కి",
           "ను", "ని", "లో", "ం"]
ENDINGS.sort(key=len, reverse=True)

def cut(w):
    for e in ENDINGS:
        if w.endswith(e) and len(w) - len(e) >= 3:
            return w[:-len(e)]
    return w
```

ఇక్కడ `len` లెక్కపెట్టేది మనం చదివే అక్షరాలను కాదు, యూనికోడ్ గుర్తులను. "చె" మనకు ఒక అక్షరం, దానికి రెండు గుర్తులు. కోశాక కనీసం మూడు గుర్తులు మిగలాలన్న షరతు లేకపోతే "పాలు" కాస్తా "ప" అయి కూర్చుంటుంది.

"విత్తనం" తరహా మాటల మీద ఇది చక్కగా పనిచేసింది. విత్తనం, విత్తనాలు, విత్తనాలకు, విత్తనాన్ని, విత్తనంలో, అన్నీ "విత్తన" అయ్యాయి. మొక్క, మొక్కలు, మొక్కకు, మొక్కలలో, అన్నీ "మొక్క". "ం"తో ముగిసే మాటలు, "లు" చేరితే చాలు బహువచనమయ్యే మాటలు తెలుగులో కోకొల్లలు కాబట్టి ఈ పదిహేను పదహారు తోకలతోనే సగం పని అయిపోయిందనిపించింది.

తర్వాత చెరకు దగ్గర బండి ఆగింది. "చెరకు" చివర ఉన్న "కు" విభక్తి కాదు, ఆ మాటలో భాగమే. కత్తికి ఆ సంగతి తెలీదు. "చెరకు"ను కోసి "చెర" చేసింది. "చెరకులో"ను కోసి "చెరకు" దగ్గర ఆగింది, ఎందుకంటే ఒక్కసారే కోయమన్నాను. అంటే వెతికేవాడి కీ "చెర", పత్రం కీ "చెరకు". రెండూ కలవవు. పొగాకుకూ ఇదే గతి. తెగులు కూడా అంతే: "తెగులు" కాస్తా "తెగు" అవుతుంది, "తెగులుకు" మాత్రం "తెగులు" దగ్గర ఆగుతుంది.

చెరకునే పూర్తిగా లెక్కేసి చూద్దాం. దొరకాల్సిన పత్రాలు ఐదున్నాయనుకోండి. మొదటిదానిలో "చెరకు నాటే ముందు ముచ్చెలను శుద్ధి చేయాలి" అని ఉంది. రెండోదానిలో "చెరకులో ఎర్రకుళ్ళు తెగులు", మూడోదానిలో "చెరకుకు ఎరువు ఎప్పుడు వేయాలి", నాలుగోదానిలో "చెరకుతోటలో కలుపు", ఐదోదానిలో "చెరుకు పంటకు నీరు". ఏ కోతా లేకుండా వెతికితే దొరికేది మొదటిదొక్కటే, ఐదింటిలో ఒకటి. పై కోతతో వెతికినా ఒకటే. ఇంత శ్రమపడి ఒక్క పత్రం కూడా అదనంగా రాలేదు.

ఇప్పుడు మూడు మరమ్మతులు సాధ్యం. "చెరకు"ను కోయకూడని మాటల జాబితాలో పెట్టొచ్చు. అప్పుడు మొదటి మూడూ "చెరకు" అవుతాయి, ఐదింటిలో మూడు. లేదా నిఘంటువున్న లెమ్మటైజర్ పెట్టొచ్చు. అదీ ఆ మూడిటినే తెస్తుంది. లేదా ఏ జాబితా, ఏ నిఘంటువు లేకుండా, కోయడానికి ఏమీ మిగలనంతవరకు కోస్తూ పోవచ్చు. "చెరకులో" ముందు "చెరకు", ఆపైన "చెర" అవుతుంది. "చెరకుకు" కూడా చివరికి "చెర" అవుతుంది. వికారమైన కీ, అయినా అన్నిచోట్లా అదే వికారం కాబట్టి దొరికేవి మళ్ళీ ఆ మూడే. రీకాల్ దృష్టితో ఈ మూడు దారులూ సమానం.

తేడా ఎక్కడ వస్తుందంటే, "చెర" అనే మాట తెలుగులో మరోటి ఉంది. వ్యవసాయ సంకలనంలో అది కనిపించదు కాబట్టి నాకు నష్టమేమీ లేదు. అదే వార్తల సంకలనమైతే "కిడ్నాపర్ల చెర నుంచి విముక్తి" లాంటి శీర్షికలు రోజూ ఉంటాయి. చెరకు వెతికిన రైతుకు అవన్నీ వచ్చి పడతాయి. అంటే ఒక కోత మంచిదా చెడ్డదా అన్నది ఆ కోతను మాత్రమే చూసి చెప్పలేం, సంకలనాన్ని చూసి చెప్పాలి.

ఇక నాలుగు, ఐదు పత్రాల సంగతి. "చెరకుతోటలో" అన్నదాన్ని ఏ లెమ్మటైజర్ అయినా "చెరకుతోట" అంటుంది, అది సరైన జవాబే. దానికి కావాల్సింది సమాసాన్ని విడగొట్టడం. "చెరుకు" అన్నది రాతలో తేడా. దానికి కావాల్సింది పర్యాయ రూపాల పట్టిక. ఈ రెండు పనులూ స్టెమ్మింగ్‌వీ కావు, లెమ్మటైజేషన్‌వీ కావు. నేను చూసినంతలో తెలుగు సెర్చ్‌లో దొరకకుండా పోయేవాటిలో ఇలాంటివి చాలా ఉంటాయి. వాటిని వదిలేసి స్టెమ్మరా లెమ్మటైజరా అని వాదించుకోవడంలో అర్థం లేదు. "ఇళ్ళు", "ఇళ్లు" అని రెండు రకాలుగా రాయడం కూడా ఈ కోవలోదే.

ఇంకో కనిపించని దొంగ ఉంది. "ట్రాక్టర్‌కు" అని టైప్ చేసినప్పుడు పొల్లుకూ "కు"కూ మధ్య అవి కలిసిపోకుండా ఒక అదృశ్య గుర్తు, U+200C, చేరుతుంది. "కు" కోశాక అది మాట చివర అలాగే మిగిలిపోతుంది. తెరమీద రెండూ "ట్రాక్టర్" లాగే కనిపిస్తాయి, యంత్రానికి మాత్రం వేరు మాటలు. నేను ఒక పూటంతా కోత నియమాలను తిట్టుకున్నాక గానీ దీన్ని పట్టుకోలేదు. ఏ దారి ఎంచుకున్నా ముందు దీన్ని తీసేయాలి.

కత్తి ఓడిపోయే చోటు: ళ్ళు

కోతకు నిజంగా లొంగనిది "ళ్ళు" బహువచనం. తెగులు తెగుళ్ళవుతుంది, ఊరు ఊళ్ళవుతుంది, ఇల్లు ఇళ్ళవుతుంది, కన్ను కళ్ళవుతుంది, రాయి రాళ్ళవుతుంది, పండు పళ్ళవుతుంది, నారుమడి నారుమళ్ళవుతుంది. ముందుకు వెళ్ళడం తేలికే. వెనక్కి రావాలంటే, "ళ్ళు" తీసేసి ఏం పెట్టాలి? లు, రు, ల్లు, న్ను, యి, డు, డి, ఇన్నిటిలో ఏదైనా కావచ్చు. మాట చివర చూసి చెప్పే నియమం లేదు. తెలిసి ఉండాల్సిందే. తెలిసి ఉండడమంటే నిఘంటువే.

విభక్తి చేరేముందు రూపం మార్చుకునే మాటలు కూడా ఇంతే. ఇల్లు ఇంటికి, కన్ను కంటికి, చెయ్యి చేతికి, నుయ్యి నూతికి, నెయ్యి నేతికి. కత్తి "ఇంటికి"ను "ఇంటి" దగ్గర ఆపుతుంది, "ఇల్లు"ను కోసి "ఇల్" చేస్తుంది. ఈ రెండు రూపాల మధ్య ఉమ్మడిగా ఉన్నది "ఇ" ఒక్కటే. చెట్టు, చెట్లు కూడా కలవవు: "చెట్లు" కోస్తే "చెట్" మిగులుతుంది, "చెట్టు"కు కోయడానికేమీ లేదు. కంది, కందులు కూడా అంతే.

ఇక్కడ లెమ్మటైజేషన్ రీకాల్‌ను నిజంగా పెంచుతుంది, దానికి పోటీ లేదు. క్రియల్లోనూ అంతే. రైతు "వేళ్ళు కుళ్ళిపోతున్నాయి" అంటాడు, జవాబులో "కుళ్ళింది", "కుళ్ళడం", "కుళ్ళకుండా" అని ఉంటుంది. వీటిని తోకలు కోసి కలపాలని చూస్తే జాబితా చేంతాడంత అవుతుంది. "వచ్చాడు", "రాలేదు", "వస్తే" అనేవాటిని ఏ కోతా కలపలేదు.

ఊరట ఏమిటంటే, ఇలా మొండికేసే నామవాచకాలు రోజూ వాడేవే అయినా సంఖ్యలో పరిమితం. ఇల్లు, కన్ను, ఊరు తరగతిలోకి కొత్త మాటలు దాదాపు రావు. కొత్తగా వచ్చేవి స్ప్రేయర్లు, మోటార్లు, డ్రిప్ పైపులు, వీటికి "లు" చేరుతుంది, అంతే. ఆ కొత్త మాటల దగ్గరే నిఘంటువు చేతులెత్తేస్తుంది: "స్ప్రేయర్లకు" దాని పుటల్లో లేదు కాబట్టి ఉన్నదున్నట్టు వదిలేస్తుంది. కత్తి మాత్రం "స్ప్రేయర్" అని చక్కగా కోస్తుంది. అంటే ఒకటి ఓడిన చోట మరొకటి గెలుస్తోంది. నా ఎంపిక చివరికి దీని మీదే నిలిచింది.

లెమ్మటైజర్ ఉన్నదాన్ని కూడా పోగొట్టే వైనం

చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. స్టెమ్మర్ ఎంత మొరటుదైనా, ఒకే మాటకు ఎప్పుడూ ఒకే కీ ఇస్తుంది. పత్రంలో "వేళ్ళు" అని ఉండి, మనిషి "వేళ్ళు" అనే కొడితే, రెండు వైపులా వచ్చే కీ ఒకటే. కాబట్టి ఏ కోతా లేనప్పుడు దొరికే పత్రం స్టెమ్మర్ పెట్టాక జాబితాలోంచి మాయమవడం జరగదు. వాక్యాన్ని చూసి నిర్ణయించే లెమ్మటైజర్‌కు ఈ హామీ లేదు.

"వేళ్ళు" రెండు మాటలకు బహువచనం: వేరు, వేలు. "మొక్క వేళ్ళు నల్లబడి కుళ్ళిపోతాయి" అన్న వాక్యంలో మోడల్ సరిగ్గానే "వేరు" అంటుంది. "మిరపకాయలు కోసేవారికి వేళ్ళు మండుతాయి" అన్నచోట సరిగ్గానే "వేలు" అంటుంది. పత్రాల కీలన్నీ రాసి పెట్టుకున్న ఇండెక్స్ అంతా తప్పుల్లేకుండా ఉంది. ఇప్పుడు రైతు సెర్చ్‌లో ఒక్క మాట కొడతాడు: "వేళ్ళు". వాక్యం లేదు. మోడల్ తనకు బాగా అలవాటైన అర్థాన్ని ఎంచుకుంటుంది, అది "వేలు" అనుకోండి. మొక్క వేళ్ళ గురించిన పత్రాలన్నీ ఒక్క దెబ్బతో మాయం. ఆ పత్రాల్లో రైతు కొట్టిన మాటే, అక్షరం పొల్లుపోకుండా, ఉంది. అయినా దొరకదు.

పత్రాల వైపు మోడల్ ఎంత తెలివిగా ఉంటే ఈ నష్టం అంత ఎక్కువ, ఎందుకంటే అది అర్థాలను అంత శుభ్రంగా విడదీస్తుంది. వెతికేవాడు ఇచ్చేది రెండు మూడు మాటలు. వాటిలో ఆ తెలివికి పని దొరకదు. ఇంగ్లీషు కరపత్రాల్లోనూ ఇదే చూశాను. `leaves` అనే మాట నామవాచకమైతే `leaf`, క్రియైతే `leave`. వాక్యంలో సందేహం ఉండదు. సెర్చ్ పెట్టెలో `chilli leaves curl` అని ఉంటే ఏది క్రియ అన్నది మోడల్ ఊహించాల్సిందే. నిఘంటువు మీద ఆధారపడ్డ సాధనాల్లో ఇంకో చిక్కుంది. ఎన్ఎల్‌టీకే అనే పైథాన్ లైబ్రరీలోని వర్డ్‌నెట్ లెమ్మటైజర్‌కు ఏ భాషాభాగమో చెప్పకపోతే నామవాచకం అనుకుంటుంది. `running` ఇస్తే `running` అనే తిరిగిస్తుంది, క్రియ అని చెబితేనే `run` అంటుంది. పత్రాల వైపు భాషాభాగం ఇచ్చి, ప్రశ్న వైపు మర్చిపోయారంటే క్రియలన్నీ పోయినట్టే.

ఇది మీ దగ్గర జరుగుతోందో లేదో తెలుసుకోవడం కష్టం కాదు. సంకలనంలోని ప్రతి మాటనూ వాక్యంలో ఉంచి ఒకసారి, ఒంటరిగా ఒకసారి కీ అడగండి. రెండూ వేరైతే ఆ మాట దగ్గర చిల్లు ఉన్నట్టు.

```python
from collections import Counter

def holes(sentences, keys_in_context, key_alone):
    bad = Counter()
    for s in sentences:
        for word, key in keys_in_context(s):
            if key != key_alone(word):
                bad[word] += 1
    return bad.most_common(50)
```

స్టెమ్మర్‌కు ఈ జాబితా ఎప్పుడూ ఖాళీయే. వాక్యం చూసే లెమ్మటైజర్‌కు ఖాళీగా రాదు. అందులో పైన కనిపించే మాటలు మీ వాళ్ళు నిజంగా వెతికేవే అయితే ఆలోచించాలి.

మందు కూడా ఉంది. సందేహం ఉన్నచోట ఒకటి ఎంచుకోకుండా అన్నీ రాయడం. "వేళ్ళు" కనిపిస్తే అదే స్థానంలో వేరు, వేలు రెండూ ఇండెక్స్‌లో పెట్టడం, ప్రశ్న వైపు కూడా రెండూ వెతకడం. మండే వేళ్ళ పత్రం ఒకటి అదనంగా వస్తుంది, అది కింద ఉంటుంది, పోయేదేముంది. సెర్చ్‌లో లెమ్మటైజేషన్ వాడేవారికి నా సలహా ఎప్పుడూ ఇదే: వాక్యం చూడని, సాధ్యమైన రూపాలన్నీ ఇచ్చే నిఘంటువు రకాన్ని వాడండి. అర్థం తేల్చే పనిని ర్యాంకింగ్‌కు వదిలేయండి.

ఇంకో ప్రమాదం నిదానంగా వస్తుంది. లెమ్మటైజర్ మోడల్‌కు కొత్త వెర్షన్ వస్తుంది, ప్రశ్న వైపు మారుస్తారు, ఇండెక్స్ పాతదే ఉంటుంది. కొన్ని మాటల కీలు మారిపోయి ఉంటాయి. ఎక్కడా ఎర్రర్ రాదు, ఫలితాలు మాత్రం తగ్గుతాయి. మోడల్ మారితే మొత్తం సంకలనాన్ని మళ్ళీ ఇండెక్స్ చేయాల్సిందే. కోత నియమాలు మార్చినా అంతే గానీ, వాటిని మార్చేది మనమే కాబట్టి గుర్తుంటుంది.

స్టెమ్మింగ్ చేసే నష్టం

స్టెమ్మర్ ఉన్నదాన్ని పోగొట్టదన్న హామీకి రెండు మినహాయింపులున్నాయి. మొదటిది, ఆరంభాన్ని బట్టి వెతికే `చెరకు*` లాంటి ప్రశ్నలు. నక్షత్రం ఉన్న మాటను సాధారణంగా స్టెమ్మర్ గుండా పంపరు. ఇండెక్స్‌లో కీ "చెర" అని ఉంటే `చెరకు*`కు ఏమీ దొరకదు. మాట సగం కొట్టగానే సూచనలు చూపించే పెట్టెల్లో కూడా ఇదే జరుగుతుంది. దీనికోసమే కోయని రూపాన్ని ఇంకో ఫీల్డులో ఉంచుకోవాలి.

రెండోది లెక్కలో కనిపించని నష్టం. పుస్తకాల్లోని రీకాల్ వచ్చినవన్నీ చూసే మనిషిని ఊహించుకుంటుంది. అసలు మనిషి చూసేది మొదటి పది. వేరువేరు మాటలు ఒకే కీలో పడితే, కావాల్సిన పత్రం వచ్చినా నలభయ్యో స్థానంలో వస్తుంది. అది రానట్టే. ఇంగ్లీషులో పోర్టర్ స్టెమ్మర్ దీనికి మంచి ఉదాహరణ. మార్టిన్ పోర్టర్ 1980లో ప్రచురించిన ఈ పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది. దానికి `fertilizer`, `fertility`, `fertile` ఇస్తే మూడింటికీ `fertil` అంటుంది. ఎరువుల గురించి వెతికే రైతుకు నేల సారం గురించిన పత్రం వస్తే మంచిదే, లెమ్మటైజర్ అది తేలేదు. అదే సంకలనంలో పశువుల సంతానోత్పత్తి మీద కరపత్రాలుంటే అవీ వస్తాయి. పైగా మూడు మాటలు కలవడంతో ఆ కీ ఉన్న పత్రాల సంఖ్య పెరుగుతుంది. ఫలితాలకు వరస పెట్టే బీఎం25 లాంటి లెక్కలో ఎక్కువ పత్రాల్లో ఉన్న కీకి బరువు తక్కువ. దాంతో ప్రశ్నలో అసలైన మాట పలచబడి పక్కమాట పెత్తనం చేస్తుంది. `organization` నుంచి `organ` రావడం, `news` నుంచి `new` రావడం ఇలాంటివే. చివరిదాన్ని పోర్టరే తన తర్వాతి ఇంగ్లీషు స్టెమ్మర్‌లో మినహాయింపుగా పెట్టి సరిచేశాడు.

ఇంగ్లీషులో అసలు ఈ తంతు వల్ల లాభమెంత అన్నదే సందేహం. డోనా హార్మన్ 1991లో మూడు రకాల కోతలను పోల్చి చూస్తే కొన్ని ప్రశ్నలు బాగుపడ్డాయి, దాదాపు అన్నే ప్రశ్నలు చెడిపోయాయి, సగటున చెప్పుకోదగ్గ మెరుగుదల లేదు. ఫిన్నిష్, హంగేరియన్ లాంటి భాషల దగ్గరికొచ్చేసరికి మాట రూపాలను కలపడం వల్ల వచ్చే లాభం చాలా పెద్దది. తెలుగు ఉండేది ఆ గట్టున. కాబట్టి ఇంగ్లీషు అనుభవంతో రాసిన "స్టెమ్మింగ్ పెద్దగా అక్కర్లేదు" అనే సలహాలను తెలుగుకు అంటగట్టకండి.

అయితే ఏది పెట్టుకోవాలి

తెలుగు సంకలనానికి నేను పెట్టుకున్నది ఇది. ముందు అదృశ్య గుర్తులను తీసేయడం, ళ్ళ, ళ్ల రాతలను ఒకటి చేయడం. తర్వాత మొండి మాటల చిన్న నిఘంటువు: ఇంటి, ఇంట్లో, ఇళ్ళు అన్నవి ఇల్లు, తెగుళ్ళు, తెగుళ్ళ అన్నవి తెగులు, వేళ్ళు అన్నది వేరు, వేలు రెండూ. చెరకు, పొగాకు లాంటి కోయకూడని మాటలు కూడా అందులోనే. నిఘంటువుకు అందినది అక్కడే ఆగుతుంది, అందనిదే కత్తి దగ్గరికి వెళ్తుంది. ప్రతి కోత తర్వాత మళ్ళీ నిఘంటువును అడుగుతాం, అందుకే "తెగుళ్ళకు"లో "కు" పోయాక "తెగుళ్ళ" దొరికి "తెగులు" అవుతుంది. ఎలాస్టిక్‌సెర్చ్ అనే సెర్చ్ ఇంజిన్ వాడేవారికి ఒక రూపానికి ఒకే కీ ఉన్న మాటలను `stemmer_override` ఫిల్టర్‌లో పెట్టే వీలుంది. "వేళ్ళు" లాంటి జంట కీలకు పర్యాయపదాల ఫిల్టర్ వాడాలి. లూసీన్ అనే సెర్చ్ లైబ్రరీలో 9వ వెర్షన్ నుంచి తెలుగు ఎనలైజర్ కూడా ఉంది, మొదలుపెట్టడానికి అది చాలు. అయితే దాన్ని నమ్మేముందు మీ సంకలనంలో తరచుగా వచ్చే ఒక యాభై మాటలను అన్ని రూపాల్లో రాసి, ఏవి కలుస్తున్నాయో ఏవి కలవట్లేదో కళ్ళతో చూసుకోండి. గంట పని.

నిఘంటువులో ఏం చేర్చాలో మనం కూర్చుని ఊహించాల్సిన పని లేదు. ఏమీ దొరకని ప్రశ్నల లాగ్‌ను వారానికోసారి చదివితే అదే చెబుతుంది. నా అనుభవంలో మొదటి రెండు నెలలు చేర్పులు ఎక్కువ, ఆ తర్వాత బాగా తగ్గాయి. మొండి మాటలు పరిమితమని ముందే అన్నాను కదా.

పూర్తి స్థాయి లెమ్మటైజర్ ఎప్పుడు? వెతికేవారు వాక్యాల్లో అడుగుతుంటే, క్రియలు ముఖ్యమైతే, ఒక్క పత్రం తప్పిపోయినా ఊరుకోలేని పనైతే, ఉదాహరణకు కోర్టు తీర్పుల్లో వెతకడం. అప్పుడు కూడా అన్ని విశ్లేషణలూ ఇచ్చే రకం కావాలి. తెలుగుకు హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఇలాంటి పదరూప విశ్లేషకం మీద చాలాకాలంగా పని జరిగింది, వ్యాకరణం తెలిసినవాళ్ళు కట్టినది కాబట్టి "ళ్ళు" దగ్గర తడబడదు. వాక్యాల నుంచి నేర్చుకునే మోడళ్ళకు తెలుగులో మేత తక్కువ. అందరికీ అందుబాటులో ఉన్న యూనివర్సల్ డిపెండెన్సీస్ తెలుగు వాక్యాల సంకలనంలో ఉన్నవి 1,300 పైచిలుకు వాక్యాలే, అవీ వ్యాకరణ ఉదాహరణల నుంచి తీసినవి. వాటితో నేర్చిన మోడల్ ఎర్రకుళ్ళు తెగులును, ముచ్చెలను ఎప్పుడూ చూసి ఉండదు.

ఇంగ్లీషు కరపత్రాలకు నేను పోర్టర్ తీసేసి క్రోవెట్జ్ పద్ధతి పెట్టాను. 1993లో వచ్చిన ఈ పద్ధతి కోస్తూనే ప్రతిసారీ నిఘంటువులో చూసుకుంటుంది, అసలు మాట కానిదాన్ని వీలైనంతవరకు తయారుచేయదు. లూసీన్‌లో కేస్టెమ్ అనే పేరుతో ఉంది. తెలుగుకు నేను చేత్తో చేసుకున్నదీ సూత్రప్రాయంగా ఇదే.

ఏది పెట్టినా, కోయని అసలు రూపాన్ని పక్క ఫీల్డులో ఉంచి దానికి కాస్త ఎక్కువ బరువివ్వండి. "కందులు" అని కొట్టినవాడికి ధరల గురించిన పత్రాలు ముందు, "కంది"లో ఎండు తెగులు గురించినవి తర్వాత వస్తాయి. రెండూ కలపాలా వద్దా అని మేము చాలాసేపు తర్జనభర్జన పడ్డాం. గింజ వేరు, పంట వేరు అన్నారు మా నిపుణుడు. చివరికి కలిపాం, వరసను మాత్రం అసలు రూపానికి వదిలేశాం. పెసర, పెసలు కూడా అలాగే. వరి, వడ్లు మాత్రం కలపలేదు. అది మాట రూపం కాదు, వేరే మాట, దాని చోటు పర్యాయపదాల పట్టికలో.